కుక్కకు వేసే పురుగుల మందును బరువు లెక్క ప్రకారం తగ్గించి పిల్లికి వేయవచ్చా? నూనెల మాటేమిటి?

రెండుతోకలు (చర్చ ప్రారంభించినవారు)

మా ఇంట్లో 24 కిలోల కుక్క, 4 కిలోల పిల్లి ఉన్నాయి. రెండింటి బొచ్చులోనూ గెంతే ఫ్లీ పురుగులు కనిపిస్తున్నాయి. కుక్క కోసం మెడ మీద వేసే చుక్కల మందు తెచ్చాము. ఒక్కో గొట్టంలో 4 మిల్లీలీటర్లు ఉంది, మందు గాఢత 50 శాతం అని రాసి ఉంది. పిల్లి బరువు కుక్క బరువులో ఆరో వంతు కనుక, ఆరో వంతు మందు వేస్తే సరిపోతుందని నేను అనుకున్నాను. అయితే డబ్బా మీద పిల్లి బొమ్మకు అడ్డంగా ఎర్ర గీత గీసి, పిల్లులకు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదని ముద్రించారు. సమస్య మోతాదుదే అయితే, మోతాదు తగ్గించినప్పుడు అభ్యంతరం ఎందుకుండాలి? మందుకు బదులు టీ ట్రీ నూనె రాయమని, అది మొక్క నుంచి తీసినది కనుక హాని చేయదని ఒకరు సలహా ఇచ్చారు. ఇంతవరకు ఏదీ వేయలేదు. కారణం తెలిసినవారు వివరించగలరు.

గళ్ళచొక్కా

ఇది కాలేయానికి సంబంధించిన విషయం. పిల్లి కాలేయంలో ఒక ఎంజైము సరిగా పనిచేయదు కనుక, నోటి ద్వారా లోపలికి వెళ్ళిన మందును అది విరగ్గొట్టలేదు. కాబట్టి అసలు ప్రమాదం నాకడంలోనే ఉంది. తల వెనుక, మెడ మొదట్లో, పిల్లి నాలుక అందని చోట కొద్దిగా వేస్తే మందు చర్మం మీదనే ఉండిపోతుంది. డబ్బా మీది హెచ్చరిక తయారీదారులు తమ జాగ్రత్త కోసం రాసుకున్నదని నా అభిప్రాయం.

నిదానం

నేను పశువైద్యంలో ఉన్నాను, ఇలాంటి పిల్లులకు చికిత్స చేశాను. పై సమాధానంలో కాలేయం గురించిన మాట చాలావరకు సరైనదే. చర్మం గురించిన మాట మాత్రం ప్రమాదకరమైనది, దయచేసి ఎవరూ దానిని పాటించవద్దు.

ముందుగా ప్రశ్న అడిగినవారి లెక్కనే తీసుకుందాము. 50 శాతం అంటే ప్రతి మిల్లీలీటరులో 500 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇంత గాఢతతో కుక్కలకు చుక్కలుగా వచ్చే మందు సాధారణంగా పెర్మెత్రిన్ అయి ఉంటుంది, డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూడండి. 4 మిల్లీలీటర్లలో 2,000 మిల్లీగ్రాములు ఉంటాయి. దానిని 24 కిలోల కుక్క మీద వేస్తే కిలోకు సుమారు 83 మిల్లీగ్రాములు పడుతుంది, కుక్క మామూలుగా తిని పడుకుంటుంది. ఇప్పుడు ఆరో వంతు, అంటే 0.67 మిల్లీలీటరు, 4 కిలోల పిల్లి మీద వేశారనుకోండి. దాని మీద పడేది సుమారు 333 మిల్లీగ్రాములు, అంటే కిలోకు మళ్ళీ అదే 83. కిలోకు 100 మిల్లీగ్రాముల దగ్గర పిల్లి ప్రాణం మీదికి వస్తుందని మా పుస్తకాలు చెబుతాయి, అంతకంటే చాలా తక్కువకే వణుకు మొదలైన పిల్లులు కూడా ఉన్నాయి. అంటే బరువు లెక్క ఎంత కచ్చితంగా వేసినా, కుక్కకు ఏమీ చేయని మోతాదే పిల్లిని మూర్ఛ అంచుకు తీసుకువెళుతుంది. తేడా బరువులో లేదు, శరీరం ఆ మందును వదిలించుకునే తీరులో ఉంది.

పెర్మెత్రిన్ నరాల మీద పనిచేస్తుంది. నరంలో సంకేతం నడవడానికి సోడియం లోపలికి వచ్చే ద్వారాలు క్షణకాలం తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. ఈ మందు ఆ ద్వారం మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది, దానితో ఒక్కసారి పంపవలసిన సంకేతం మళ్ళీ మళ్ళీ పోతూ కండరం అదురుతూనే ఉంటుంది. పురుగు చచ్చేది అలాగే, పిల్లి వణికేది కూడా అలాగే. కుక్క నరాలకూ ఈ మందు తగులుతుంది, కానీ అది అక్కడ పేరుకోకముందే కుక్క శరీరం దానిని విరిచి, కరిగే పదార్థంగా మార్చి బయటికి పంపుతుంది. అలా మార్చే పనిలో గ్లుకురానిక్ ఆమ్లాన్ని జతచేయడం ఒక మెట్టు, పిల్లులకు ఆ మెట్టు చాలా బలహీనంగా ఉంటుంది. అందుకు అవసరమైన జన్యువులలో ఒకటి పిల్లి జాతిలో పనిచేయకుండా పోయింది. పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలగడానికి కూడా ఇదే మూలం.

ఇక చర్మం సంగతి. పెర్మెత్రిన్ కొవ్వులో కరిగే పదార్థం, చర్మపు జిడ్డుతో కలిసి శరీరమంతా పాకడానికే దానిని ఆ రూపంలో తయారుచేస్తారు. కొంత చర్మం గుండా లోపలికి ఇంకుతుంది, కొంత పాకుతూ పాకుతూ నాలుక అందే చోటికి చేరుతుంది. పైగా పిల్లి తన ముందు పంజాను నాకి, ఆ పంజాతోనే మెడ రుద్దుకుంటుంది. కనుక నాలుక అందని చోటంటూ ఆచరణలో లేదు.

మసకవెన్నెల

ఇది చదివి నాకు భయం వేసింది. మా పిల్లికి పశువైద్యుడు ఇచ్చిన సెలామెక్టిన్ చుక్కలనే చాలా కాలంగా మెడ మీద వేస్తున్నాము. ఇకపై ఆపివేయాలా? మా బంధువుల పిల్లికి ఫ్లుమెత్రిన్ ఉన్న పట్టీ కట్టారు, దాని పేరు కూడా పెర్మెత్రిన్ లాగే ఉంది. దానిని తీసివేయమని చెప్పమంటారా?

నిదానం

ఆపవలసిన అవసరం లేదు. మెడ మీద వేసే మందులన్నీ విషమని నేను అనలేదు. సెలామెక్టిన్, ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి పిల్లుల కోసం ప్రత్యేకంగా, పిల్లి మోతాదులో దొరుకుతాయి, వాటిని చెప్పినట్టు వాడవచ్చు. ఫ్లుమెత్రిన్ కూడా పెర్మెత్రిన్ కుటుంబానిదే, కానీ పిల్లుల కోసం ఆమోదించిన పట్టీలో అది చాలా కొద్దికొద్దిగా విడుదలయ్యే విధంగా ఉంటుంది. పెర్మెత్రిన్ సైతం అర శాతం కూడా లేని పలుచని రూపాలలో కొన్ని చోట్ల పిల్లుల మీద వాడారు. కనుక పేరు తోకను బట్టి తీర్పు చెప్పడం కుదరదు. గాఢత ఎంత, ఏ జంతువు కోసం పరీక్షించారు అన్నవే చూడవలసినవి.

అయితే పేర్ల వల్ల నిజంగా కొంపలు మునిగే చోటు ఒకటుంది. ఇమిడాక్లోప్రిడ్ మాత్రమే ఉన్న చుక్కలు పిల్లులకు ఉన్నాయి, ఇమిడాక్లోప్రిడ్‌తో పెర్మెత్రిన్ కలిపిన చుక్కలు కుక్కలకు ఉన్నాయి. డబ్బాలు ఒకే రంగు కుటుంబంలో, ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. "మొన్న వాడినదే కదా" అని చేతికందినది తీసేవారు ఇక్కడే దెబ్బ తింటారు. పెద్ద అక్షరాల పేరు వదిలేసి, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మూలపదార్థాల పేర్లు చదవాలి. కుక్కల పిడుదుల మందులలో వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి పనికిరాదు. దాని లక్షణాలు వేరు: పిల్లి మత్తుగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది.

పాతఇల్లు

మా పిల్లికి ఎవరూ మందు వేయలేదు, అయినా దానికి విషం ఎక్కింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాత్రి భోజనాలయ్యాక మా అన్నయ్య కుక్క మెడ మీద చుక్కలు వేశాడు. మా పిల్లికి చలికాలంలో ఆ కుక్క మెడకు ఆనుకుని పడుకోవడం, నిద్రపోయే ముందు దాని చెవులు నాకడం అలవాటు. తెల్లవారేసరికి పిల్లి చెవులు ఉండి ఉండి టకటకా కొట్టుకుంటున్నాయి. చెవిలో ఏదో దూరిందని అనుకున్నాము. తరువాత తడి తగిలినట్టుగా ముందు పంజాలను విదిలించడం, వీపు మీద చర్మం అలలు అలలుగా కదలడం చూశాము. చేత్తో తాకగానే ఎగిరిపడింది. మధ్యాహ్నానికి నడక తూలింది, చొంగ కార్చింది, ఆపైన ఒళ్ళంతా ఆగకుండా వణకడం మొదలైంది. ఆసుపత్రికి చేరేసరికి జ్వరం 41 డిగ్రీల సెల్సియస్ దాటింది. అక్కడి వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో కుక్క ఉందా?" అని.

రెండు రాత్రులు అక్కడే ఉంచుకున్నారు. నరంలోకి ఏవేవో ఎక్కించారు, పాలలాగా తెల్లగా ఉన్న సెలైన్ ఒకటి నాకు గుర్తుంది. పిల్లి కోలుకుంది. నా ప్రశ్న ఏమిటంటే, ఇంటి దగ్గరే ముందుగా స్నానం చేయించి తీసుకువెళితే వణుకు అంతదాకా వచ్చేది కాదా?

నిదానం

మీరు చెప్పిన వరుస చాలామందికి ఉపయోగపడుతుంది, ఎందుకంటే చెవులు కొట్టుకోవడం, పంజాలు విదిలించడం అన్నవే తొలి గుర్తులు, అవే ఎక్కువగా కంటపడకుండా పోయేవి. మందు తగిలిన కొన్ని గంటల్లోనే అవి మొదలుకావచ్చు, ఒక్కోసారి ఒక రోజు గడిచాక, అరుదుగా మూడో రోజున బయటపడతాయి. అందుకే కుక్కకు పెర్మెత్రిన్ వేసిన ఇంట్లో కనీసం 72 గంటలు పిల్లిని వేరుగా ఉంచమని చెబుతాము. కుక్క పడుకున్న దుప్పటిని కూడా పిల్లికి అందనివ్వకూడదు.

స్నానం గురించి. పిల్లి ఇంకా నిలకడగా నిలబడగలుగుతూ ఉంటే, గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే సాదా ద్రవ సబ్బుతో కడిగి, తుడిచి, వెంటనే బయలుదేరడం మంచిదే. మామూలు నీరు నూనెను వదిలించదు కనుక ఆ సబ్బు కావాలి. వేడి నీళ్ళు పోయకూడదు, వాటివల్ల చర్మంలోని రక్తనాళాలు వెడల్పై మందు మరింతగా ఇంకుతుంది. చల్లని నీళ్ళు కూడా పోయకూడదు, ఒళ్ళు చల్లబడితే మందు విరగడం ఇంకా మందగిస్తుంది. పిల్లి అప్పటికే గట్టిగా వణుకుతూ ఉన్నా, మూర్ఛ వచ్చినా ఇంట్లో కడగవద్దు. తువ్వాలులో చుట్టి, మందు డబ్బా చేతిలో పట్టుకుని నేరుగా రావాలి. ముందు వణుకును అదుపు చేసి, ఆ తరువాత మేమే కడుగుతాము. వాంతి చేయించడం, పాలు పట్టించడం వంటివి అసలు చేయవద్దు, తూలుతున్న పిల్లి గొంతులో పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఈ విషానికి నేరుగా విరుగుడు మందు లేదు. మేము చేసేది కండరాలను సడలించి, శరీరం తన పని తాను చేసుకునేదాకా సమయం సంపాదించడం. దానికి మెథోకార్బమాల్ ముఖ్యమైన మందు. డయాజెపామ్ మూర్ఛకు ఉపయోగపడుతుంది కానీ ఒళ్ళంతా అదిరే వణుకును తరచుగా ఒంటరిగా ఆపలేదు, కొన్ని పిల్లులకు మత్తుమందు దాకా వెళ్ళవలసి వస్తుంది. ఆగని వణుకువల్ల పెరిగే ఒంటి వేడి, కండరాల నష్టం, వాటి నుంచి మూత్రపిండాలకు వచ్చే దెబ్బ కూడా ప్రాణం తీయగలవు, అందుకే జ్వరాన్ని గంట గంటకూ చూస్తాము. మీరు చూసిన తెల్లటి ద్రవం కొవ్వు ద్రావణం. పెర్మెత్రిన్ కొవ్వును ఇష్టపడుతుంది కనుక, రక్తంలో కొవ్వు ఎక్కువైతే మందు నరాలను వదిలి దాని వైపు లాగబడుతుందని దాని వెనుక ఉన్న ఆలోచన. 2015లో ప్రచురితమైన ఒక పోలిక అధ్యయనంలో ఈ ద్రావణం పొందిన పిల్లులు మిగిలినవాటికంటే త్వరగా తేరుకున్నాయి. సకాలంలో వచ్చిన పిల్లులలో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి.

తైలధార

ఇదంతా చదివాక నాకు అనిపించేది ఒకటే, రసాయనాలను ఇంట్లోకి రానివ్వడమే తప్పు. సుగంధ నూనెలు మొక్కలలో సహజంగా ఉండేవి. మా గదిలో లావెండర్ నూనెతో డిఫ్యూజర్ నిత్యం నడుస్తుంది, మా పిల్లి దాని పక్కనే నిద్రపోతుంది, దానికి ఏమీ కాలేదు. ప్రశ్న అడిగినవారు టీ ట్రీ నూనె నాలుగు చుక్కలు రాసి చూడవచ్చు.

సీసామూత

నేను నూనెల పరిశ్రమలో నాణ్యత పరీక్షలు చేస్తాను, జంతువుల వైద్యం నాకు రాదు. కానీ సీసాలో ఏముందో చెప్పగలను. సహజం అన్న మాటతోనే మొదలుపెడితే, పెర్మెత్రిన్‌కు మాతృక అయిన పైరెత్రిన్ చామంతి జాతి పువ్వు నుంచే వస్తుంది. సీసాలోని నూనె మొక్కలో ఉన్న స్థితిలో ఉండదు, కిలోల కొద్దీ ఆకును ఆవిరి పట్టి కొద్ది మిల్లీలీటర్లకు కుదించినది. టీ ట్రీ నూనెలో ప్రధానంగా టెర్పినెన్-4-ఆల్, దానితోపాటు ఇతర టెర్పీన్లు ఉంటాయి. ఇవి కూడా కొవ్వులో కరిగేవే, చర్మం గుండా తేలిగ్గా దిగేవే.

పైన వేసిన లెక్కనే నూనెకు వేసి చూడండి. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, బరువు 45 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. నాలుగు చుక్కలంటే 180 మిల్లీగ్రాములు, 4 కిలోల పిల్లికి కిలోకు 45. ఎనిమిది చుక్కలైతే కిలోకు 90. కలపని నూనె ఏడెనిమిది చుక్కలకే పెంపుడు జంతువులు విషప్రభావానికి గురైన సందర్భాలు నమోదై ఉన్నాయి. మనుషుల సబ్బులో ఒక శాతం ఉన్న నూనెను చూసి, సీసాలోని నూటికి నూరు శాతం నూనెను ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది.

నిదానం

లెక్క బాగుంది. దీనికి ఒక వాస్తవ ఉదాహరణ పశువైద్య పత్రికలో 1998లో వచ్చింది. ఫ్లీ పురుగులు విపరీతంగా ఉన్న మూడు పిల్లులకు బొచ్చు గొరిగి, కలపని టీ ట్రీ నూనె పూశారు. కొన్ని గంటల్లోనే ఒకటి నిలబడలేక పోయింది, ఒకటి అపస్మారకంలోకి వెళ్ళింది, ఒకటి వణుకుతూ ఉంది. రెండు బతికాయి, ఒకటి చనిపోయింది. గొరిగిన చర్మానికి పూయడం వల్ల నూనె మరింతగా ఇంకి ఉంటుంది.

రెండు విషాలను చూడగానే కొంత వేరు చేయవచ్చు. పెర్మెత్రిన్ తగిలిన పిల్లి ఉలికిపడుతూ, అదురుతూ, ఒళ్ళు కాలుతూ వస్తుంది. టీ ట్రీ నూనె తగిలిన పిల్లి ఎక్కువగా నీరసంగా, వెనుక కాళ్ళు ఈడుస్తూ, ఒళ్ళు చల్లబడి వస్తుంది, నూనె వాసన దూరం నుంచే తెలుస్తుంది. వణుకు రెండింటిలోనూ ఉండవచ్చు కనుక వాసన, డబ్బా, సీసా ఏది దొరికితే అది తెచ్చి చూపించాలి. నూనె విషంలో కాలేయం దెబ్బతినవచ్చు, అందుచేత పిల్లి లేచి తిరిగినా రక్తపరీక్ష చేస్తాము. లవంగ నూనె, దాల్చిన నూనె వంటివాటిలో ఫీనాల్ రకం పదార్థాలు ఉంటాయి, నేను ముందు చెప్పిన కాలేయపు బలహీన మెట్టు నేరుగా వాటికే వర్తిస్తుంది. వింటర్‌గ్రీన్ నూనె అయితే దాదాపు పూర్తిగా ఆస్పిరిన్ బంధువే.

తైలధార

నేను పూయమన్నది కలిపిన నూనెనే అనుకోండి. సరే, పూయడం వదిలేద్దాము. గాలిలో వాసనకు కూడా విషం అంటారా? మా పిల్లి బాగానే ఉంది కదా.

గళ్ళచొక్కా

దీనిలో నేను తైలధార గారి పక్షమే. వాసనలో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న లెక్క ఎక్కడ వస్తుంది? ఊపిరితో వెళ్ళేది అత్యల్పం.

సీసామూత

అది యంత్రం రకాన్ని బట్టి ఉంటుంది. పుల్లలు ముంచి ఉంచే సీసా నుంచి ఆవిరి మాత్రమే వస్తుంది. నీటిని కంపింపజేసే డిఫ్యూజర్ కంటికి కనిపించే పొగమంచును వదులుతుంది, ఆ పొగమంచులో నూనె తుంపరలుగానే ఉంటుంది. తుంపర ఎక్కడో ఒకచోట వాలక తప్పదు. యంత్రం పక్కనే పడుకునే పిల్లి అయితే వాలేది దాని బొచ్చు మీదనే.

నిదానం

ఆ తరువాత అది నాకబడుతుంది. అందుకే దీనిని ఊపిరి ప్రశ్నగా మాత్రమే చూడలేము. అయితే తైలధార గారి పిల్లికి ఏమీ కాలేదన్న మాటను నేను కొట్టిపారేయను. పెద్ద గది, తెరిచిన తలుపు, కొద్దిసేపు నడిచే యంత్రం ఉన్నచోట చాలా పిల్లులు లక్షణాలు చూపవు. ఆస్తమా ఉన్న పిల్లి అదే గదిలో దగ్గు, ఆయాసంతో నా దగ్గరికి వస్తుంది. ఎన్ని గంటలు, ఎంత నూనె దాకా భద్రమో గీత గీసి చెప్పగల కొలత మా చేతిలో లేదు. నా దగ్గరికి వచ్చేవారికి నేను చెప్పేది, పిల్లి వెళ్ళిపోవడానికి దారి లేని గదిలో యంత్రం పెట్టవద్దని, యంత్రం పక్కన దాని పరుపు వేయవద్దని. చొంగ, కళ్ళ నీరు, దగ్గు కనిపిస్తే యంత్రాన్ని ఆపివేసి గాలి ఆడనివ్వాలి.

గళ్ళచొక్కా

కొలత లేనప్పుడు నిషేధం కూడా అతిగానే అనిపిస్తుంది. చర్మం మీద వేసే మందు విషయంలో మాత్రం పంజాతో రుద్దుకోవడం అన్న వివరణను ఒప్పుకుంటున్నాను.

రెండుతోకలు

డబ్బా వెనుక చూశాను. పెర్మెత్రిన్ అనే ఉంది. పిల్లికి వేరే మందు తీసుకుంటాము. మా రెండు జంతువులూ ఒకే పరుపు మీద పడుకుంటాయి, 72 గంటలు వాటిని విడదీయడం మా ఇంట్లో కష్టం. కుక్కకు కూడా మార్గం మార్చవచ్చా?

నిదానం

మార్చవచ్చు. నోటి ద్వారా ఇచ్చే ఐసోక్సజోలిన్ రకం మాత్ర కుక్కకు ఇస్తే బొచ్చు మీద మందు ఉండదు, పిల్లి నాకినా ఏమీ అంటదు. కానీ లాభనష్టాలు తెలుసుకుని మారండి. పెర్మెత్రిన్ పురుగును దగ్గరికి రాకుండా తరుముతుంది. మాత్ర మాత్రం పురుగు కుట్టి రక్తం తాగాకే దానిని చంపుతుంది. ఇసుక ఈగల ద్వారా లీష్మేనియా అనే పరాన్నజీవి వ్యాపించే ప్రాంతాలలో ఆ తరిమే గుణాన్ని వదులుకోవడం పెద్ద నిర్ణయం, అక్కడ నా తోటి వైద్యులే రెండు మాటలు చెబుతారు. ఇంకొకటి, మీ కుక్కకు గతంలో ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి మాత్ర రాసే వైద్యుడికి ముందే చెప్పండి. ఈ రకం మాత్రల వల్ల కొన్ని కుక్కలకు వణుకు, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మాత్ర మొదలుపెట్టినా, ఇప్పటికే కొన్న ఆ గొట్టాలను పిల్లి మందు ఉంచే అరలో మాత్రం పెట్టవద్దు.

రెండుతోకలు

చిన్నప్పుడు కుక్కకు ఒకసారి మూర్ఛ వచ్చింది, కారణం తేలలేదు. ఆ సంగతి చెప్పి అడుగుతాను.